పాపకు యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదంటే: పీహెచ్‌సీ డాక్టరు ఉత్తరం

"సార్, మా పాపకు మూడున్నర ఏండ్లు. మూడు రోజుల సంది జ్వరం, సర్ది, దగ్గు. మంగళవారం నుంచి చీమిడి పచ్చగ వస్తుంది. బుధవారం మా అమ్మ, మా ఇంటామె మీ దవాఖానకు తీసుకొస్తే గంటసేపు కూసోబెట్టి జ్వరం సిరప్, ముక్కుల చుక్కలు ఇచ్చి పంపిన్రు. యాంటీబయాటిక్ రాయలే, సూది ఎయ్యలే. పోయినసారి ఇట్లనే అయితే బయట యాంటీబయాటిక్ పోయించినం, రెండు రోజులల్ల తక్కువైంది. నేను హైదరాబాద్‌ల పని మీదున్న. మందు లేక రాయలేదా, అవసరం లేక రాయలేదా?"

తమ్ముడూ,

మందు ఉంది. మా ఫార్మసీ గదిలో అమాక్సిసిలిన్ గోలీలు, సిరప్ రెండూ ఉన్నాయి, మీ పాప వచ్చిన రోజూ ఉన్నాయి. రాసివ్వడానికైతే నాకు అర నిమిషం చాలు. రాయనక్కర్లేదని తేల్చుకోవడానికే ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో నేనేం చూశానో మీ అమ్మగారికి, పాప వాళ్ళమ్మకు అక్కడే కూర్చోబెట్టి చెప్పాల్సింది. బయట ఓపీ లైను గేటు దాకా ఉండటంతో రెండు ముక్కల్లో చెప్పి పంపించేశాను. అది నా లోపమే, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

పాపను ముందు చూసింది మా సిస్టరు. బరువు 13 కిలోలు, జ్వరం 101.4. నా దగ్గరికి వచ్చేసరికి స్టెతస్కోపు చూసి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపులోనే ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 46 వచ్చింది. దగ్గుతో వచ్చిన పిల్లల్లో న్యుమోనియా ఉందా లేదా అని అనుమానించడానికి మేము మొదట చూసేది ఈ లెక్కే. ఏడాది నిండి ఐదేళ్ళ లోపు ఉన్న పిల్లలకు నిమిషానికి 40గానీ అంతకు ఎక్కువగానీ ఉంటే ఊపిరి వేగంగా తీస్తున్నట్టు. రెండు నెలలు నిండి ఏడాది లోపు పసివాళ్ళకైతే ఆ గీత 50 దగ్గర ఉంటుంది. అంటే ఆ 46ని పట్టుకుని ఉంటే, మీరు అడుగుతున్న మందు నేను అప్పుడే రాసేసేవాణ్ణి.

కానీ ఏడ్చే పిల్లకు ఊపిరి ఎటూ ఎక్కువే ఉంటుంది. జ్వరం ఎక్కినప్పుడూ అంతే. అందుకని పారాసెటమాల్ సిరప్ 4 మిల్లీలీటర్లు అక్కడే పట్టించి, వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చోమన్నాను. మీరు గంటసేపు కూర్చోబెట్టారన్నది ఆ కూర్చోవడమే. దాదాపు నలభై నిమిషాల తర్వాత నేనే బయటికి వెళ్ళాను. పాప వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో పడుకుంది. నుదురు మీద చెమట పట్టింది, ముక్కు ఒక పక్క బిగుసుకుపోయి నోరు తెరిచి నిద్రపోతోంది. గౌను మెల్లగా పైకి జరిపి, గడియారం పక్కన పెట్టుకుని, పొట్ట పైకి లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కపెడుతూ నిమిషం నిండా చూశాను. 31. ఇంకోసారి చూస్తే 32. ఊపిరి లోపలికి తీసేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోవడం లేదు. మన దగ్గర డొక్కలు ఎగరేయడం అంటారే, అది లేదు. వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ 98 చూపించింది. వీపు మీద స్టెతస్కోపు పెడితే పిల్లికూతలు లేవు, చిటపట చప్పుడు లేదు. చెవుల్లో లైటు వేసి చూస్తే కర్ణభేరి ఉబ్బి లేదు. గొంతులో చీము మచ్చలు లేవు. మీ ఇంటామె సంచీలోంచి టీకాల కార్డు తీసి ఇచ్చింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేసే న్యుమోకాకస్ టీకా మూడు డోసులూ పడ్డాయి, పెంటావాలెంట్ కూడా మూడూ పడ్డాయి. పిల్లల న్యుమోనియాకు పెద్ద కారణాలైన రెండు బాక్టీరియాల నుంచి ఈ టీకాలు చాలా వరకు కాపాడతాయి. పూర్తిగా కాదు, చాలా వరకు.

నిమిషం నిండా అని ఎందుకు నొక్కి చెప్తున్నానో కూడా చెప్పాలి. సర్వీసులో చేరిన కొత్తలో, ఇంకో జిల్లాలో పనిచేసేటప్పుడు, రద్దీ ఉందని పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించేవాణ్ణి. ఒక రెండేళ్ళ బాబుకు అలా చేస్తే తొమ్మిది వచ్చింది, ముప్పై ఆరు అని రాసుకుని సర్దే అని పంపేశాను. చిన్నపిల్లలు ఒకే తాళంలో ఊపిరి తీయరు. కాసేపు గబగబా తీసి, కాసేపు ఆగినట్టు మెల్లగా తీస్తారు. నేను చూసిన ఆ పావు నిమిషం మెల్లగా తీసిన పావు నిమిషం. తెల్లారి ఆ బాబును డొక్కలు ఎగరేస్తుండగా తీసుకొచ్చారు. పెద్దాసుపత్రికి పంపాం, బతికాడు. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా గుర్తుంది. అప్పటినుంచి గడియారంలో ముల్లు పూర్తి చుట్టు తిరిగేదాకా పిల్లల పొట్ట మీది నుంచి కళ్ళు తీయను. కాబట్టి యాంటీబయాటిక్ అంటే నాకు పడదని అనుకోకండి. ఆ రోజు ఆ బాబుకు అది కావాల్సి ఉండె, నేను ఇవ్వలేదు. మీ పాపకు అక్కర్లేదు, ఇవ్వలేదు. ఈ రెంటికీ తేడా చెప్పేది ఆ నిమిషమే.

ఇక పచ్చటి చీమిడి సంగతి. మీ అమ్మగారు నాతో అన్న మాట, "సారూ, చీము పట్టినట్టుంది, ఇంక మందు రాయకపోతె ఎట్ల?" ఆమెనేమీ తప్పు పట్టలేం. పుండులో పచ్చదనం చూస్తే చీము అనే అంటాం కదా. కానీ ముక్కులోంచి వచ్చే ఆ రంగు సూక్ష్మజీవుల రంగు కాదు, మన రక్తంలోని తెల్ల కణాల రంగు. వైరస్ వచ్చినా బాక్టీరియా వచ్చినా పోట్లాటకు మొదట పరుగెత్తుకొచ్చే తెల్ల కణాల్లో ఇనుముతో కూడిన ఒక ఎంజైము ఉంటుంది, దాని అసలు రంగే ఆకుపచ్చ. మామూలు జలుబులో మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళలా కారుతుంది. మూడో రోజుకు ఆ కణాలు చేరి చిక్కబడి పసుపు, పచ్చ అవుతుంది. ఇంకో మూణ్ణాలుగు రోజులకు మళ్ళీ పల్చబడుతుంది. మందు వేసినా వేయకపోయినా ఇదే వరస. మీ పాప చీమిడి ఆదివారం నీళ్ళలా ఉండి మంగళవారానికి పచ్చబడింది. అంటే జలుబు నడవాల్సిన దారిలోనే నడుస్తోంది.

రంగును అసలు లెక్కలోకి తీసుకోనని కాదు. పదిరోజులు దాటినా చీమిడి, దగ్గు ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ కొత్తగా జ్వరం తిరగబెట్టినా, లేదా మొదటి నుంచే 102కు పైగా జ్వరమూ పచ్చటి చీమిడీ కలిసి వరసగా మూడు నాలుగు రోజులు నిలబడినా, ముఖం ఎముకల సందుల్లో బాక్టీరియా చేరిందేమోనని ఆలోచిస్తాను. అప్పుడు మందు రాస్తాను. చూసేది రంగును కాదు, అది ఎన్నాళ్ళుంది, ఎటు పోతోంది అన్నది.

పోయినసారి రెండు రోజుల్లో తగ్గింది అన్నారు. తగ్గి ఉంటుంది, నేను నమ్ముతాను. కానీ ఆ రోజులను వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. జలుబు జ్వరం పిల్లల్లో మామూలుగా రెండు మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు ఉంటుంది. మొదటి రోజు మనం ఇంట్లో చూస్తాం. రెండో రోజు తడిగుడ్డ వేస్తాం, ఊర్లో ఉన్న గోలీ వేస్తాం. మూడో రోజు రాత్రి పిల్ల నిద్రపోనివ్వదు, ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంటుంది, తెల్లారి దవాఖానకు బయల్దేరతాం. అంటే జ్వరం తన చివరి మెట్టు మీద ఉన్నప్పుడు మందు మొదలవుతుంది. నాలుగు, ఐదు రోజులకు జ్వరం పోతుంది. పేరు మాత్రం మందుకు వస్తుంది. వాన వెలిసే వేళకు గొడుగు ముడిచినవాడు వానను నేనే ఆపానన్నట్టు ఉంటుంది. మా లాంటి డాక్టర్లలో కూడా చాలామంది ఈ పేరు మీదే బతికేస్తుంటారు, మీ ఊరి ఆర్ఎంపీ ఒక్కణ్ణే అని లాభం లేదు.

మీ నాన్నగారు మిర్చి వేస్తారని మీ అమ్మగారు చెప్పారు, కాబట్టి ఇది ఆయనకు చదివి వినిపించండి. తోటలో జెమినీ వైరస్ వచ్చి ఆకు ముడుచుకుంటే ఏం చేస్తారు? తెల్లదోమ కోసం మందు కొడతారు, పక్క చెట్టుకు పాకకుండా ఉండాలని. అంతేగానీ ముడుచుకున్న ఆకు ఆ మందుకు మళ్ళీ విచ్చుకోదు. బూజు తెగులు మందు డబ్బాలు డబ్బాలు కొట్టినా ఆ చెట్టుకు ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే ఆ మందు చంపేది వేరే దాన్ని. యాంటీబయాటిక్ కూడా అంతే. బాక్టీరియా ఒంటి గోడనో, అది ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాన్నో పట్టుకుని ఆపుతుంది. జలుబు వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ యంత్రమూ లేదు. మన కణాల్లో దూరి మన సామానుతోనే పని కానిచ్చుకుంటుంది. మందుకు పట్టుకోవడానికి అక్కడ ఏమీ దొరకదు. చెట్టుకూ పిల్లకూ ఒక్క తేడా ఉంది. వైరస్ పట్టిన చెట్టును పీకి పారేయాలి. జలుబు పట్టిన పిల్ల తనంతట తానే దాన్ని వదిలించుకుంటుంది.

"పని చేయకపోతే చేయకపోయె, ఇస్తే పోయేదేముంది?" అని మీ ఇంటామె అడగలేదుగానీ, ఆమె చేతిలో ఉన్న సీసా అడిగింది. పోయినసారి మిగిలిన అజిత్రోమైసిన్ అది. సగానికి కొంచెం తక్కువ ఉంది, అడుగున గడ్డకట్టి పక్కలకు అంటుకుపోయింది, మూత చుట్టూ తీపికి చీమలు పట్టి చచ్చి ఉన్నాయి. అది పొడిగా వచ్చే సిరప్. నీళ్ళు కలిపిన తర్వాత లేబుల్ మీద రాసినన్ని రోజులే, మామూలుగా ఒక వారం అటూ ఇటూ, పనికొస్తుంది. అది కలిపి నాలుగు నెలలైంది. ఇక్కడ రాయకపోతే ఇంటికెళ్ళి అదే పోద్దామని తెచ్చుకున్నారు. నేను అడిగి తీసుకుని చెత్తబుట్టలో వేయించాను. ఆ కోపం కూడా మీ ప్రశ్నలో కొంత ఉందేమో అనిపించింది.

పోయేదేముందంటే, మొదట పాపకే ఉంది. ఈ మందులతో పిల్లలకు విరేచనాలు పట్టుకోవడం, ఒంటిమీద దద్దుర్లు రావడం మేము తరచూ చూసేదే. జలుబుతో అసలే తిండి తినని పిల్లకు పైనుంచి విరేచనాలు తోడైతే నీరసించి పోతుంది. అప్పుడు జలుబు కంటే మందే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

రెండోది కంటికి కనిపించదు. మన పేగుల్లో ఎప్పుడూ కోట్ల బాక్టీరియా ఉంటాయి, వాటిలో చాలావరకు మనకు మేలు చేసేవే. యాంటీబయాటిక్ లోపలికి వెళ్తే జలుబు వైరస్‌ను ముట్టుకోదుగానీ వీటి మీద పడుతుంది. మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా అవే నింపుతాయి. ఒక్క కోర్సు వాడిన తర్వాత అలా లొంగనివి కొన్ని నెలలపాటు, ఒక్కోసారి ఏడాది దాకా ఆ పిల్ల ఒంట్లోనే ఉండగలవు. అజిత్రోమైసిన్ అయితే మూడు రోజుల మందు అని తేలిగ్గా అనుకుంటాంగానీ, మింగడం ఆపిన తర్వాత కూడా కొన్నాళ్ళు కొంచెం కొంచెంగా ఒంట్లో ఉండిపోతుంది. చంపేంత ఉండదు, అలవాటు చేసేంత ఉంటుంది. పత్తి చేలో పల్చగా కలిపిన మందు కొడితే పురుగు చావకుండా ముదురుతుందని మీ నాన్నగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. బీటీ పత్తిలోకి గులాబీ రంగు పురుగు మళ్ళీ ఎలా వచ్చిందో మనవాళ్ళు చేలల్లోనే చూశారు.

ఇది నాకెందుకు భయం పుట్టిస్తుందంటే టైఫాయిడ్ వల్ల. ఒకప్పుడు టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ రాసేవాళ్ళం, చక్కగా తగ్గేది. ఇప్పుడు మన దేశంలో దొరికే టైఫాయిడ్ బాక్టీరియాలో చాలావరకు దానికి లొంగదు. పిల్లలకు నోటితో ఇచ్చి ఇంటి దగ్గరే నయం చేయడానికి మాకు ముఖ్యంగా మిగిలినవి రెండు, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్. ఈ ఊళ్ళో ప్రతి జలుబుకూ పోస్తున్నది సరిగ్గా ఆ రెండింటినే. రేపు మీ పాపకు నిజంగా టైఫాయిడ్ వచ్చి అవి పని చేయకపోతే, రోజుల తరబడి ఆసుపత్రిలో పెట్టి సూది మందులే ఎక్కించాలి. అన్నట్టు, జ్వరం వచ్చిన రెండో రోజునే వైడల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అని రాసిస్తే నమ్మకండి. ఆ పరీక్ష వెతికేది మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలను. అవి పెరగడానికి దాదాపు వారం పడుతుంది, మామూలు జనంలో కూడా కొద్దో గొప్పో ఉంటాయి.

సూది గురించి ఒక్క ముక్క. జలుబుకు వేయాల్సిన సూది లేదు. సూది వేస్తే సాయంత్రానికి పిల్ల లేచి ఆడుతోందంటే అందులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది జ్వరాన్ని కప్పుతుంది, జబ్బును తగ్గించదు.

ఇచ్చిన మందుల సంగతి చూద్దాం, ఇందులోనే ఇంట్లో తప్పు జరిగేది. పారాసెటమాల్ పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు. మీ పాప 13 కిలోలకు 195, అంటే సుమారు 200 మిల్లీగ్రాములు. మేమిచ్చిన సీసా మీద "5 ml 250 mg" అని ఉంటుంది, కాబట్టి 4 మిల్లీలీటర్లు. బయట షాపులో దొరికే ఇంకో రకం 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 ఉంటుంది. అది కొంటే అదే పిల్లకు 8 మిల్లీలీటర్లు కావాలి. ఇక పసిపిల్లల చుక్కల సీసాలో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. ఇంట్లో మూడు రకాల సీసాలు ఉండి ఒకదాని కొలతతో ఇంకోటి పోస్తే, ఒకసారి జ్వరం తగ్గదు, ఇంకోసారి మోతాదు మీరిపోతుంది. ఒక్క సీసానే ఉంచుకోండి, దానితో వచ్చిన మూతతోనే కొలవండి, టీ చెంచాతో వద్దు. ఒకసారి పోశాక కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఆగాలి, రోజులో నాలుగుసార్లకు మించొద్దు. జ్వరం ఉన్నా పాప ఆడుకుంటూ తింటుంటే అదీ అక్కర్లేదు.

ముక్కులో చుక్కలు ఉప్పునీళ్ళే, మందేమీ కాదు. తినే ముందు, పడుకునే ముందు రెండేసి చుక్కలు వేసి కాసేపాగి తుడవండి. దగ్గు సిరప్ రాయలేదని మీ అమ్మగారు రెండోసారి వెనక్కి వచ్చి అడిగారు. ఐదేళ్ళలోపు పిల్లల్లో అవి దగ్గును తగ్గిస్తాయన్న రుజువు లేదు, మత్తు మాత్రం వస్తుంది. మధ్యప్రదేశ్‌లో కల్తీ అయిన సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ నుంచి కూడా ఇదే మాట వచ్చింది. రెండేళ్ళలోపు అసలే వద్దని, ఐదేళ్ళలోపు మామూలుగా వద్దని. దానికి బదులు రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె నాకించండి. పాపకు మూడున్నర ఏళ్ళు కాబట్టి ఫర్వాలేదు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె చుక్క కూడా పెట్టకూడదు, అందులోంచి అరుదుగా ప్రాణాంతకమైన విషజబ్బు రావచ్చు. వేడినీళ్ళ ఆవిరి పట్టకండి, గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పిల్లలను చూశాను. కర్పూరం మూటగట్టి మెడలో వేస్తారు కొందరు, అది నోట్లో పడితే ఫిట్స్ వస్తాయి. వడ్లు ఆరబోసిన కల్లం దగ్గరికి, పొయ్యి పొగలోకి కొన్నాళ్ళు తీసుకెళ్ళకపోతే మేలు.

దగ్గు మాత్రం జ్వరంతో పాటు పోదు. సగం మంది పిల్లలకు పదిరోజుల్లో పోతుంది, కొందరికి మూడు వారాలు దాటుతుంది. జ్వరం పోయి, పిల్ల ఆడుకుంటూ, దగ్గు ఒక్కటే మిగిలితే అది గొంతు, గాలిగొట్టాల లోపలి పొర మానుతున్న దగ్గు. రెండో వారంలో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందు మార్పించాలనిపిస్తుంది. ఈ మాట అప్పుడు గుర్తు చేసుకోండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. నేను చూసింది బుధవారం మధ్యాహ్నం పాప ఎలా ఉందో అది. న్యుమోనియా మొదలయ్యే రోజున జలుబులాగే ఉండొచ్చు. జలుబు మీద రెండో దెబ్బగా బాక్టీరియా రావచ్చు. కాబట్టి ఇంట్లో మీరు చూడాల్సింది నేను చూసినదే. పాప నిద్రలో ఉన్నప్పుడు, జ్వరం దిగి ఉన్నప్పుడు, గౌను పైకి జరిపి, ఫోనులో టైమరు పెట్టుకుని, పొట్ట లేవడం నిమిషం నిండా లెక్కపెట్టండి. పాప వాళ్ళమ్మకు బెంచీ దగ్గర ఒకసారి చేయించాను, ఆమెకు 33 వచ్చింది, నాకు వచ్చినదానికి దగ్గరే. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసి కాయితం మీద రాసుకోమన్నాను. 40 వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి. మళ్ళీ 40గానీ ఎక్కువగానీ వస్తే శుక్రవారం దాకా ఆగకుండా అదే రోజు తీసుకురండి. అప్పుడు నేను మళ్ళీ చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ రాస్తాను. అదీ అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ కాదు. న్యుమోనియాకు మొదటి మందు అదే.

డొక్కలు ఎగరేస్తున్నా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే కళ్ళు తెరవకుండా మత్తుగా పడి ఉన్నా, ఊపిరి తీస్తుంటే గొంతులో గర్రుమని చప్పుడు వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, లెక్కలు పెట్టకండి, నాకు ఫోను చేయకండి, నేరుగా 108కి చేయండి. రాత్రయితే మా దగ్గరికి కాదు, వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికే తీసుకెళ్ళమనండి. అక్కడ పిల్లల వార్డు ఉంది, ఆక్సిజన్ ఉంది.

ఇవేమీ లేకపోయినా శుక్రవారం పొద్దున ఒకసారి తీసుకురమ్మని చీటీ వెనకాల రాశాను. అప్పటికి ఐదో రోజు దాటి ఉంటుంది. జ్వరం దిగకుండా ఉంటే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయిస్తాను, డెంగీ కూడా చూస్తాను, ఈ కాలంలో అదీ తిరుగుతోంది. దిగిపోయి ఉంటే మందేమీ ఉండదు, ఊపిరి ఇంకోసారి లెక్కపెట్టి పంపిస్తాను. తొమ్మిదింటికి ముందే వస్తే లైను ఉండదు. వచ్చేటప్పుడు ఆ లెక్కలు రాసిన కాయితం, ఇంట్లో ఉన్న జ్వరం సిరప్ సీసాలన్నీ సంచీలో వేసుకుని రమ్మనండి, ఏది ఉంచాలో ఏది పారేయాలో అక్కడే చూసి చెప్తాను.

ఇట్లు,
మీ పీహెచ్‌సీ డాక్టరు